విరాళం ఇచ్చాను, 80జీ రసీదు ఎలా అడగాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి జూలైలో ఇదే తంతు. రిటర్న్ వేయడానికి కూర్చున్న రోజున మా అపార్ట్‌మెంట్లో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని కిందికి దిగుతారు, "ఫలానా ట్రస్టుకి డబ్బులు పంపాను కదండీ, రసీదు కూడా ఉంది, కానీ సైట్ ఇంకేదో నంబరు అడుగుతోంది" అంటారు. ఒక చిన్న ట్రస్టుకి ఐదేళ్లు లెక్కలు చూశాను, సొంతంగా విరాళాలూ ఇస్తుంటాను, కాబట్టి బల్లకి అటూ ఇటూ రెండు వైపులా కూర్చున్న అనుభవం ఉంది. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారని ఇక్కడ రాసి పెడుతున్నాను. 80జీ అంటే ఆదాయపు పన్ను చట్టంలో ఒక సెక్షన్, ఆమోదం ఉన్న సంస్థకి విరాళం ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు దొరికేది దాని కిందే. ఇదంతా 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు ఇచ్చిన విరాళాల గురించి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం (2025) అమల్లోకి వస్తుంది కనుక ఆ తర్వాత ఇచ్చినవాటికి సెక్షన్ నంబర్లు మారతాయి.

రసీదు ఉంటే చాలు కదా, మళ్లీ ఉత్తరం ఎందుకు రాయాలి?

2021-22కి ముందైతే చాలేది. రసీదు మీద ట్రస్టు పాన్, 80జీ నంబరు ఉంటే రిటర్న్‌లో రాసుకునేవాళ్లం, ఎవరైనా అడిగితే చూపించేవాళ్లం. ఆ సంవత్సరం నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు ట్రస్టు తనకి ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో, వాళ్ల పాన్ నంబర్లతో సహా, 10బీడీ అనే ఫారంలో ఆదాయపు పన్ను శాఖకి పంపాలి. విరాళం ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే మే 31 దానికి గడువు. అది పంపాక ఒక్కో దాత పేరు మీద 10బీఈ అనే సర్టిఫికెట్ పోర్టల్‌లో తయారవుతుంది, ట్రస్టువాళ్లు దాన్ని దించి మనకి ఇవ్వాలి. ఇవ్వడానికి కూడా గడువు అదే మే 31.

అంటే మన మినహాయింపు మన చేతిలోని కాగితం మీద కాదు, ట్రస్టు పంపిన జాబితాలో మన పాన్ ఉందా లేదా అన్నదాని మీద నడుస్తోంది. చట్టంలోనే అలా రాసి ఉంది, సంస్థ ఇచ్చిన వివరాల ఆధారంగానే దాత క్లెయిమ్ ఒప్పుకుంటారని. జాబితా రాసేది మనం కాదు కాబట్టి, మన వివరాలు తప్పుల్లేకుండా, సమయానికి వాళ్ల చేతికి అందేలా చూసుకోవాలి. ఉత్తరం ప్రధానంగా అందుకే. రసీదు అడగడం అందులో సగమే.

అయితే రసీదు అనవసరమా?

అనవసరం కాదు. డబ్బు ఇచ్చిన నాడే చేతికొచ్చే సాక్ష్యం అదొక్కటే, 10బీఈ రావడానికి నెలలు పడుతుంది. నవంబరులో ఇచ్చినదానికి మే దాకా ఏ కాగితమూ లేకుండా ఉంటే, ఈలోగా ట్రస్టులో గుమాస్తా మారిపోతే, మీ పేరు ఎవరికి గుర్తుంటుంది? పైగా ఆ సంస్థకి అసలు 80జీ ఉందో లేదో ముందే తేల్చుకోవడానికి రసీదు మీది వివరాలే ఆధారం.

రసీదు మీద ఏమేం ఉండాలి?

సంస్థ పూర్తి పేరు, చిరునామా, పాన్. రసీదు నంబరు, తేదీ. మీ పేరు, చిరునామా, పాన్. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ. ఎలా ఇచ్చారు (చెక్కు అయితే చెక్కు నంబరు, యూపీఐ లేదా నెఫ్ట్ అయితే యూటీఆర్ నంబరు). ఆ తర్వాత అసలు విషయం, 80జీ ఆమోదం తాలూకు నంబరు, ఆ ఉత్తర్వు తేదీ, అది ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో. చివర సంతకం.

ట్రస్టు పాన్ చూడగానే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. పాన్‌లో నాలుగో అక్షరం అది ఎవరిదో చెబుతుంది. ట్రస్టు అయితే టి, వ్యక్తి అయితే పి. సొసైటీలకీ కంపెనీ చట్టం కింద నమోదైన సేవా సంస్థలకీ వేరే అక్షరాలు రావచ్చు, అది తప్పేమీ కాదు. పి కనిపిస్తే మాత్రం ఆగండి. అది ఎవరో ఒక మనిషి పాన్, సంస్థది కాదు.

"12ఏ రిజిస్ట్రేషన్ ఉంది సార్" అంటున్నారు. సరిపోతుందా?

సరిపోదు. చాలామంది ఇక్కడే పడతారు, అలా చెప్పేవాళ్లు మోసగాళ్లు కూడా కాదు, వాళ్లకే తేడా తెలియదు. 12ఏ (ఇప్పుడు 12ఏబీ) ఆ సంస్థ తన ఆదాయం మీద తాను పన్ను కట్టక్కర్లేకుండా తెచ్చుకునేది. 80జీ వేరే ఆమోదం, దాతకి మినహాయింపు దొరికేది దానివల్ల. మొదటిది ఉండి రెండోది లేని సంస్థలు బోలెడు. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్ట్రార్ దగ్గర నమోదైన నంబరు ఇంకా వేరు, దానికీ మన పన్నుకీ సంబంధమే లేదు. కాబట్టి ఉత్తరంలో "మీ రిజిస్ట్రేషన్ నంబరు" అని అడగకండి, ఏదో ఒక నంబరు పంపేస్తారు. "80జీ ఆమోదం నంబరు" అని పేరు పెట్టి అడగండి, ఆ ఉత్తర్వు కాపీ కూడా అడగండి. ఆ ఉత్తర్వు 10ఏసీ అనే ఫారంలో వస్తుంది, రెండు మూడు పేజీలే, ఫోన్‌లో పంపడానికి వాళ్లకి అర నిమిషం పట్టదు. కొత్త పద్ధతిలో వచ్చే నంబరు ఆ సంస్థ పాన్‌తోనే మొదలవుతుంది, పైన ఉన్న పాన్‌తో పోల్చి చూడండి.

ఉత్తర్వులో "2022-23 నుంచి 2026-27 వరకు" అని ఉంది. మార్చి 2027 దాకా నిశ్చింతేనా?

కాదు, ఈ లెక్క చాలామంది తప్పుతారు. అక్కడ ఉండేది అసెస్‌మెంట్ సంవత్సరం. డబ్బు ఇచ్చిన సంవత్సరానికి తర్వాతిది. 2022-23 నుంచి 2026-27 అంటే 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి 31 లోపు ఇచ్చిన విరాళాలకి. 2021లో పాత సంస్థలన్నిటినీ మళ్లీ దరఖాస్తు చేయించి ఐదేళ్లకి ఆమోదాలు ఇచ్చారు కనుక చాలా సంస్థలవి ఒకేసారి 2026 మార్చితో ముగుస్తాయి. గడువు ముగియడానికి ఆరు నెలల ముందే పొడిగింపుకి దరఖాస్తు పెట్టాలి. 2026 ఏప్రిల్ తర్వాత ఇచ్చేవాళ్లు "పొడిగింపు ఉత్తర్వు వచ్చిందా, కాపీ పంపండి" అని ఒక వాక్యం తప్పకుండా చేర్చండి. కొత్తగా పెట్టిన సంస్థలకి మొదట తాత్కాలిక ఆమోదం మూడేళ్లకి ఇస్తారు, అదీ చెల్లుతుంది, తేదీ చూసుకుంటే చాలు.

ఉత్తరం ఎలా రాయాలో నమూనా ఇస్తారా?

నేను వాడేది ఇదే. మెయిల్‌లో పంపుతాను, వాట్సాప్‌లో దాని కాపీ పెడతాను. వాట్సాప్‌లో మాత్రమే పంపితే అది పిల్లల ఫోటోల మధ్య, శుభోదయాల మధ్య కలిసిపోతుంది.

> కార్యదర్శి గారికి,
>
> నమస్కారం. మీ సంస్థ నడుపుతున్న విద్యార్థుల హాస్టల్‌కి 2024 నవంబరు 18న మా నాన్నగారి జ్ఞాపకార్థం రూ. 25,000 (ఇరవై ఐదు వేల రూపాయలు) నా బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ ద్వారా పంపాను. యూటీఆర్ నంబరు: ________. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీ ఉన్న పేజీ జత చేస్తున్నాను.
>
> దీనికి ఆదాయపు పన్ను మినహాయింపు తీసుకోవాలనుకుంటున్నాను. దయచేసి ఈ మూడూ పంపగలరు:
>
> 1. మీ సంస్థ పాన్, 80జీ ఆమోదం నంబరు, తేదీ, చెల్లుబాటు కాలం ఉన్న సంతకం చేసిన రసీదు.
> 2. 80జీ ఆమోదం ఉత్తర్వు (10ఏసీ) కాపీ.
> 3. 2024-25కి మీరు 10బీడీ వేసిన తర్వాత నా పేరు మీద వచ్చే 10బీఈ సర్టిఫికెట్. 2025 మే 31 లోపు.
>
> 10బీడీలో వేయడానికి నా వివరాలు:
> పేరు (పాన్ కార్డులో ఉన్నట్టు): ________
> పాన్: ________
> చిరునామా: ________
> మొత్తం: రూ. 25,000, ఎలక్ట్రానిక్ పద్ధతిలో
>
> పాన్ కార్డు కాపీ జత చేశాను. ఫోన్‌లో చెబితే అక్షరాలు తప్పుపోతున్నాయి కాబట్టి దయచేసి కాపీ చూసి ఎక్కించగలరు.
>
> ఇట్లు,
> (సంతకం, ఫోన్ నంబరు, తేదీ)

మర్యాదగానే ఉంది కదా, కానీ దేన్నీ వాళ్ల ఊహకి వదల్లేదు. చిన్న సంస్థల్లో ఈ పని చేసేది తరచుగా ఒక్క మనిషే, సాయంత్రాలు వచ్చి లెక్కలు రాసి వెళ్లే మనిషి. అతనికి కావలసినవన్నీ ఒకే పేజీలో దొరికితే మీ పని ముందు అవుతుంది. నేను ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు "రసీదు పంపండి, అర్జెంట్" అని ఒక్క ముక్క రాసినవాళ్ల డబ్బు ఏ రోజు వచ్చిందో వెతకడానికే పూట గడిచిపోయేది.

ఫోన్‌లో చెబితే అక్షరాలు తప్పుపోతాయని రాశారు. నిజంగా జరుగుతుందా?

నాకే జరిగింది. పైన ఉత్తరంలోని విరాళం నాదే. మొదట వచ్చిన రసీదు ఎంత అందంగా ఉందంటే, పిల్లలు భోజనం చేస్తున్న ఫోటో, పక్కన బంగారు రంగు అక్షరాల్లో మా నాన్నగారి పేరు, కింద "మీ ఔదార్యానికి శిరసు వంచి" అని. పాన్ లేదు, 80జీ నంబరు లేదు. ఫోన్ చేస్తే అవతల అమ్మాయి "మీ పాన్ చెప్పండి సార్, రాసుకుంటాను" అంది, చెప్పాను. జూన్‌లో 10బీఈ వచ్చింది. చూస్తే నేను "బి" అన్నచోట "డి" ఉంది. ఆ ఒక్క అక్షరంతో నా పాతిక వేలు శాఖ లెక్కలో ఇంకెవరి ఖాతాలోకో, లేదా అసలు లేని మనిషి ఖాతాలోకో వెళ్లాయి. సవరణ వేయమని కార్డు కాపీతో మళ్లీ రాశాను. 10బీడీని సవరించి మళ్లీ పంపే వీలుంది, వాళ్లు పంపారు, పన్నెండు రోజుల తర్వాత సరైన సర్టిఫికెట్ వచ్చింది. అప్పటి నుంచి ఫోన్‌లో పాన్ చెప్పడం మానేశాను.

10బీఈ వచ్చాక అందులో ఏం చూడాలి?

మీ పాన్ ఒక్కొక్క అక్షరం. మొత్తం. ఆర్థిక సంవత్సరం. డబ్బు ఎలా వచ్చిందని రాశారో (మీరు యూపీఐలో పంపితే అక్కడ నగదు అని ఉండకూడదు). సంస్థ పాన్. ఇంకా ARN అనే నంబరు, రిటర్న్‌లో Schedule 80G నింపేటప్పుడు అడిగేది అదే. అపార్ట్‌మెంట్‌లో అందరూ కిందికి దిగేది ఈ నంబరు కోసమే. రసీదు మీది నంబరో, 80జీ ఆమోదం నంబరో అక్కడ కొట్టకండి, అవి వేరు.

క్యాష్ ఇచ్చాను. రసీదు కూడా ఇచ్చారు. ఇబ్బంది ఏముంది?

రెండు వేలు దాటితే ఇబ్బందే. 2017-18 నుంచి నగదుగా ఇచ్చింది రూ. 2,000 దాటితే ఆ మొత్తానికి మినహాయింపు రాదు. "మొదటి రెండు వేల వరకు వస్తుందిలే" అనుకుంటారు, అదీ రాదు. బియ్యం బస్తాలు, దుప్పట్లు, పుస్తకాలు కొని ఇచ్చినా రాదు, వస్తురూపంలో ఇచ్చినవాటికి 80జీ లేదు. పుట్టినరోజుకి అనాథాశ్రమంలో భోజనాలు పెట్టించాలనుకుంటే, క్యాటరింగ్ వాడికి మీరు కట్టకుండా ఆశ్రమం ఖాతాకి పంపి రసీదు తీసుకోండి, వాళ్లే వండిస్తారు.

దీని విలువ ఎంతో మా పక్క ఫ్లాట్ ఆయన లెక్కతో చెబుతాను, 2024-25ది. జీతం 9,50,000. పాత పన్ను పద్ధతి ఎంచుకున్నారు, ఎందుకంటే ఇంటి లోన్ వడ్డీ 2,00,000 కడుతున్నారు. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వడ్డీ 2,00,000 పోతే 7,00,000. అందులోంచి పీఎఫ్, ఎల్ఐసీ కలిపి 80సీ కింద 1,50,000, హెల్త్ ఇన్సూరెన్స్ 25,000 తీసేస్తే 5,25,000. ఆ ఏడాది ఒక వృద్ధాశ్రమానికి మొత్తం 50,000 ఇచ్చారు. 40,000 నెఫ్ట్‌లో పంపారు, 10,000 మాత్రం వార్షికోత్సవం రోజున స్టేజీ మీద కవర్లో పెట్టి ఇచ్చారు, ఫోటో కూడా తీశారు.

ఆ ఆశ్రమం లాంటి మామూలు సంస్థలకి ఇచ్చినదాంట్లో సగమే తగ్గుతుంది, అదీ పైన తేలిన 5,25,000లో పదో వంతు, అంటే 52,500 వరకు ఇచ్చినదానికే. ఆయన 50,000 ఆ పరిమితిలోనే ఉంది. మొత్తం బ్యాంకు ద్వారా ఇచ్చి ఉంటే 25,000 తగ్గి, పన్ను లెక్కకి వచ్చే ఆదాయం సరిగ్గా 5,00,000 అయ్యేది. పాత పద్ధతిలో ఐదు లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. కానీ కవర్లో ఇచ్చిన పది వేలు లెక్కలోకి రాలేదు. మిగిలిన 40,000లో సగం 20,000 తగ్గి ఆదాయం 5,05,000 అయింది. రిబేటు పోయింది. పన్ను సెస్సుతో కలిపి 14,040 రూపాయలు.

పది వేలు కవర్లో ఇచ్చిన పాపానికి పద్నాలుగు వేలు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉంది.

కొత్త పన్ను పద్ధతిలో ఉన్నాను. ఈ ఉత్తరాలన్నీ రాయాలా?

మినహాయింపు కోసమైతే అక్కర్లేదు, కొత్త పద్ధతిలో 80జీ లేదు. 2023-24 నుంచి మీరు ఏమీ ఎంచుకోకపోతే కొత్త పద్ధతే వర్తిస్తుంది. విరాళం ఒక్కదాని కోసం పాతదానికి మారడం చాలామందికి నష్టం. పై ఆయనకే ఇంటి లోన్ లేదనుకోండి. పాత పద్ధతిలో 40,000 విరాళం చూపించాక కూడా పన్ను 55,640 వచ్చేది. అదే జీతానికి ఆ ఏడాది కొత్త పద్ధతిలో 39,000. ముందు రెండూ లెక్క వేసి చూసుకోండి, తర్వాత ఉత్తరం రాయండి.

ఇంకో మాట, పాత పద్ధతి కావాలంటే రిటర్న్ గడువులోపే వేయాలి. గడువు దాటాక ఆలస్యంగా వేస్తే పాతది ఎంచుకునే వీలు లేదు. "10బీఈ రాలేదు, వచ్చాక వేద్దాం" అని కూర్చున్నవాళ్లు ఇలాగే మొత్తం పోగొట్టుకుంటారు.

మరి జూలై వచ్చినా 10బీఈ పంపలేదు. ఏం చేయాలి?

మొదట ఒక్క ప్రశ్న తేల్చుకోండి, వాళ్లు 10బీడీ వేసి మీకు పంపడం మరిచారా, లేక అసలు వేయలేదా. మొదటిదైతే ఒక ఫోన్‌తో అయిపోతుంది, పోర్టల్‌లో ఉంటుంది, దించి పంపుతారు. రెండోదైతే ఆలస్యంగానైనా వేయొచ్చు, కానీ వాళ్లకి రోజుకి రూ. 200 చొప్పున ఫీజు పడుతుంది, దానిపైన పది వేల నుంచి లక్ష వరకు జరిమానా వేసే అధికారం కూడా శాఖకి ఉంది. రెండో ఉత్తరం నేను ఇలా రాస్తాను:

> కార్యదర్శి గారికి, నమస్కారం. ఫలానా తేదీన నేను రాసిన ఉత్తరానికి కొనసాగింపుగా. 2024-25కి 10బీఈ ఇంకా అందలేదు. మీరు 10బీడీ వేసి ఉంటే నా సర్టిఫికెట్ దించి పంపగలరు. వేయకపోయి ఉంటే ఆలస్యం అయ్యే ప్రతి రోజుకీ 234జీ కింద సంస్థకే రూ. 200 భారం పడుతుంది కాబట్టి వెంటనే వేయించగలరు. నేను రిటర్న్ వేయాల్సిన గడువు దగ్గరపడింది, ఈ వారంలోపు ఒక మాట చెప్పగలరు.

బెదిరింపులా కాకుండా వాళ్ల నష్టం వాళ్లకి చెప్పినట్టు ఉండాలి. చాలా చోట్ల ఆ రెండు వందల సంగతి ట్రస్టీలకి తెలియదు, తెలిసిన రోజే పని అవుతుంది.

అయినా రాకపోతే రిటర్న్ గడువు మాత్రం దాటనివ్వకండి. పాత పద్ధతి ఎంచుకుని, ఆ విరాళం చూపించకుండా వేసేయండి. తర్వాత 10బీఈ వస్తే డిసెంబరు 31 లోపు సవరించిన రిటర్న్ వేసి చేర్చుకోవచ్చు. చేతిలో ARN లేకుండా ఏదో ఒక నంబరు కొట్టేసి క్లెయిమ్ చేయడం మాత్రం వద్దు.

మా ఆఫీసులో ఫారం 16లో చూపించమంటే కుదరదన్నారు.

నిజమే. మామూలు ట్రస్టులకి మీరు సొంతంగా ఇచ్చిన విరాళాలు కంపెనీ లెక్కలోకి తీసుకోదు. రిటర్న్‌లో మీరే చూపించి, ఎక్కువ కోసిన పన్ను తిరిగి తెచ్చుకోవాలి. గొడవ పడకండి, పేరోల్ వాళ్ల తప్పు లేదు.

ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చాను. వాళ్లకీ ఈ ఉత్తరం రాయాలా?

అక్కర్లేదు. ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, పీఎం కేర్స్ లాంటివి చట్టంలోనే పేరు పెట్టి ఉన్నవి. వాటికి ఇచ్చింది నూటికి నూరు శాతం తగ్గుతుంది, పదో వంతు పరిమితి కూడా లేదు. 10బీఈ తతంగం, దాని ARN, ఆమోదం తెచ్చుకుని నడిచే ట్రస్టులు, సొసైటీల కోసం. వరదలప్పుడు సహాయ నిధికి ఇచ్చి 10బీఈ కోసం నెలల తరబడి ఎదురుచూసిన పెద్దాయన ఒకరు నాకు తెలుసు, చివరికి ఆన్‌లైన్ రసీదుతోనే పని అయిపోయింది. రిటర్న్‌లో సరైన పట్టికలో నింపండి, అంతే. నూరు శాతంవి ఒక పట్టిక, సగం వచ్చేవి వేరే పట్టిక.

ఊళ్లో రామాలయానికి, మా కులసంఘం హాస్టల్‌కి చందా ఇచ్చాను. వాటికి?

ఊళ్లో కమిటీ పుస్తకంలో చింపి ఇచ్చే చందా రసీదుకి 80జీ ఉండదు, భక్తితో ఇచ్చారు, అక్కడితో సరి. టీటీడీ లాగా ఆమోదం ఉన్న ట్రస్టుల సంగతి వేరు. కులసంఘాల విషయంలో చట్టమే ఒక గీత గీసింది. ఒక మతానికో కులానికో మాత్రమే మేలు చేసేలా పెట్టిన సంస్థకి 80జీ ఆమోదం రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసం పెట్టినవాటికి ఈ అడ్డు లేదు. కాబట్టి సంఘం పెద్దలు "పన్ను మినహాయింపు ఉంది బాబూ" అన్నప్పుడు మొహమాటపడకుండా ఉత్తర్వు కాపీ అడగండి. బాబాయి వరసే కావచ్చు, కాపీ కాపీయే.

అపార్ట్‌మెంట్‌లో పదిమందిమి పోగుచేసి ఒకరి ఖాతా నుంచి పంపాం. రసీదు పదిమందికీ విడివిడిగా రాయించుకోవచ్చా?

ట్రస్టు ఖాతాలోకి వచ్చింది ఒక్కరి డబ్బు. వాళ్ల లెక్కలో దాత ఆయనొక్కరే, 10బీఈ ఆయన పేరునే వస్తుంది. తర్వాత పది రసీదులు అడిగితే వాళ్లని ఇరకాటంలో పెట్టినట్టే. మొదటే ఎవరి ఖాతా నుంచి వాళ్లు పంపుకోండి. భార్యాభర్తల్లోనూ ఇదే, ఎవరి రిటర్న్‌లో చూపించాలో వాళ్ల ఖాతా నుంచే వెళ్లాలి.

అమెరికాలో ఉంటున్నాం. ఊళ్లో స్కూల్ నడిపే ట్రస్టుకి పంపితే?

ముందు మీ పాస్‌పోర్టు చెప్పండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉండి, మీ సొంత సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అప్పుడు ట్రస్టుకి విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉండే వాళ్ల ప్రత్యేక ఖాతాకే చేరాలి. ఊళ్లోని మామూలు ఖాతాకి పంపితే చిక్కు ట్రస్టుకి, మంచి చేయబోయి వాళ్ల మెడకి చుట్టినట్టు అవుతుంది. కాబట్టి అలాంటివాళ్లు డబ్బు పంపకముందే ఉత్తరం రాయాలి, "మీకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉందా, ఏ ఖాతాకి పంపాలి" అని.

ఇక్కడి 80జీ రసీదు ఇండియాలో కట్టే పన్నుకే, ఇక్కడ అద్దెలో వడ్డీలో వస్తుంటే పనికొస్తుంది. అమెరికా రిటర్న్‌లో చూపించుకోవాలంటే అక్కడ 501(c)(3) కింద ఉన్న సంస్థకి ఇవ్వాలి, 250 డాలర్లు, ఆపైన అయితే ఆ సంస్థ నుంచి రాతపూర్వక ధ్రువీకరణ తీసుకోవాలి.

ఒకాయన లక్షకి రసీదు ఇచ్చి, కమిషన్ పట్టుకుని మిగతాది క్యాష్‌గా తిరిగిస్తానంటున్నాడు.

ఫోన్ పెట్టేయండి. అది విరాళం కాదు, దొంగ లెక్క. ఆ సంస్థ మీద ఎప్పుడు సోదా జరిగినా దాని 10బీడీలో మీ పాన్ వరసలో కనిపిస్తుంది, ఇంక మీరు వెతుక్కోనక్కర్లేదు, నోటీసే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

ఇవన్నీ రిటర్న్‌కి జత చేయాలా?

అక్కర్లేదు, జత చేసే వీలే లేదు. రసీదు, 10బీఈ, 10ఏసీ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ, మీరు రాసిన మెయిల్, అన్నీ ఆ సంవత్సరం పేరుతో ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. నోటీసు వస్తే అప్పుడు అప్‌లోడ్ చేయాలి. వాట్సాప్‌లో ఉన్నాయి కదా అనుకోకండి, ఫోన్ మార్చినప్పుడు మొదట పోయేవి అవే.